పెరుగు మానేస్తే రాయి ఆగదు

కిడ్నీలో రాయి ఉందని స్కానింగ్‌లో తేలిన రోజు రాత్రికే చాలా ఇళ్లలో పెరుగు గిన్నె కంచానికి దూరమవుతుంది. "రాయి కాల్షియంతోనే కదా తయారయ్యేది, ఇక పాలూ పెరుగూ మానెయ్" అని ఒక బంధువు చెబుతారు. టమాటా గింజలు తినొద్దని ఒకరు, తాంబూలంలో సున్నం మానమని ఇంకొకరు అంటారు. వీటిలో మొదటి మాట ఎంతో సబబుగా వినిపిస్తుంది. కొన్ని దశాబ్దాల పాటు డాక్టర్లు కూడా అదే చెప్పారు. కానీ ఆ మాట విని పెరుగు మానేసినవాళ్లలో చాలామందికి మళ్లీ రాయి పడే ప్రమాదం పెరుగుతుంది. అది ఎలా జరుగుతుందో తెలిస్తే ఏం తినాలో, ఏం తగ్గించాలో ఎవరూ జాబితా ఇవ్వకుండానే అర్థమవుతుంది.

మనలో ఎక్కువమందికి వచ్చేవి కాల్షియం ఆక్సలేట్ రాళ్లు. పేరులోనే ఇద్దరున్నారు: కాల్షియం ఒకటి, ఆక్సలేట్ రెండోది. ఆక్సలేట్ ఆకుకూరల్లో, గింజల్లో, దుంపల్లో ఉండే పదార్థం. మన లివర్ కూడా రోజూ కొంత తయారు చేస్తుంది. ఒంటికి దానితో పనిలేదు కాబట్టి రక్తంలోకి వచ్చినదంతా మూత్రంలోనే బయటికి పోవాలి. ఈ రెండూ మూత్రంలో కలిసి, కరగగలిగిన హద్దు దాటితే సన్నటి పలుకులుగా విడిపోతాయి. చిక్కటి చక్కెర పాకంలో కలకండ పలుకులు కట్టినట్టే ఇదీ. ఆ పలుకులు కిడ్నీలో ఎక్కడో అతుక్కుని, నెలల తరబడి పెరిగి, ఒకరోజు మూత్రనాళంలోకి జారితే, నడుము పక్కనుంచి గజ్జల్లోకి దిగే ఆ నొప్పి మొదలవుతుంది.

రాయి బరువులో కాల్షియం వాటా కళ్లకు కనిపిస్తుంది, ఎక్స్‌రేలో తెల్లగా మెరుస్తుంది కూడా. పైగా రాళ్లు పదేపదే వచ్చేవాళ్లలో చాలామందికి మూత్రంలో కాల్షియం ఎక్కువగానే పోతుంటుంది. కాబట్టి తినే కాల్షియం తగ్గిస్తే రాయి తగ్గుతుందనుకోవడంలో వింతేమీ లేదు. ఈ నమ్మకానికి మొదటి పెద్ద దెబ్బ 1993లో తగిలింది. అమెరికాలో గ్యారీ కర్హాన్ బృందం అప్పటిదాకా రాళ్లు రాని 45 వేల మందికి పైగా మగవాళ్ల ఆహారాన్ని నాలుగేళ్లు గమనించింది. ఆహారంలో కాల్షియం ఎక్కువ తీసుకున్నవాళ్లకే రాళ్లు తక్కువగా వచ్చాయి. అయితే అది గమనింపు మాత్రమే. పాలు తాగేవాళ్లు ఇంకేదో కారణం వల్ల ఆరోగ్యంగా ఉన్నారేమోనని ఎవరైనా అనవచ్చు.

ఆ సందేహం తీర్చింది ఇటలీలోని పార్మా నగరంలో జరిగిన పరీక్ష. లోరిస్ బోర్గి అనే వైద్యుడి బృందం 120 మంది మగవాళ్లను తీసుకుంది. అందరికీ కాల్షియం ఆక్సలేట్ రాళ్లు మళ్లీ మళ్లీ వస్తున్నాయి, అందరికీ మూత్రంలో కాల్షియం ఎక్కువ. వాళ్లను చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు పాత సలహానే ఇచ్చారు: పాలు, పెరుగు, చీజ్ తగ్గించి రోజుకు 400 మిల్లీగ్రాముల కాల్షియం దగ్గర ఆగమన్నారు. రెండో గుంపును మామూలుగా 1200 మిల్లీగ్రాముల కాల్షియం తినమని, ఉప్పు, మాంసం బాగా తగ్గించమన్నారు. నీళ్లు మాత్రం రెండు గుంపులూ బాగా తాగాలి. ఐదేళ్ల తర్వాత లెక్క తీస్తే, పాలు మానిన 60 మందిలో 23 మందికి మళ్లీ రాయి వచ్చింది. పాలు తాగుతూ ఉప్పు తగ్గించిన 60 మందిలో 12 మందికే వచ్చింది. ఈ ఫలితం 2002లో అచ్చయింది.

ఆ పరీక్షలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించేది వాళ్ల మూత్రం లెక్క. రెండు గుంపుల్లోనూ మూత్రంలో కాల్షియం దాదాపు సమానంగా తగ్గింది. అంటే పాలు మానడం వల్ల ఎంత తగ్గిందో, పాలు మానకుండా ఉప్పు, మాంసం తగ్గించడం వల్ల కూడా అంతే తగ్గింది. తేడా అంతా ఆక్సలేట్‌లో కనిపించింది. పాలు మానినవాళ్ల మూత్రంలో ఆక్సలేట్ పెరిగింది, మానని వాళ్లలో తగ్గింది. పాలల్లో ఆక్సలేట్ ఉండదు. మరి పాలు మానితే ఆక్సలేట్ ఎందుకు పెరగాలి?

దీనికి జవాబు కిడ్నీలో దొరకదు, పేగుల్లో దొరుకుతుంది. మనం తోటకూర పప్పు తిన్నామనుకోండి. అందులోని ఆక్సలేట్ పేగుల్లోకి వస్తుంది. అదే సమయంలో పెరుగులోని కాల్షియం కూడా అక్కడ ఉంటే, రెండూ అక్కడే అతుక్కుపోతాయి. కాల్షియం ఆక్సలేట్ నీటిలో దాదాపు కరగదు కాబట్టి అది రక్తంలోకి వెళ్లలేక మలంతో పాటు బయటికి పోతుంది. కిడ్నీలో రాయి కట్టాల్సిన జంట పేగుల్లోనే జత కట్టి, ఏ హానీ చేయకుండా వెళ్లిపోతుందన్నమాట. కాల్షియం లేకపోతే ఆక్సలేట్ ఒంటరిగా మిగిలి, పేగు గోడల గుండా రక్తంలోకి చేరి, అక్కడి నుంచి మూత్రంలోకి దిగుతుంది. జర్మనీలోని బాన్‌లో పరిశోధకులు దీన్ని నేరుగా కొలిచారు. ఆరోగ్యవంతులు రోజుకు 200 మిల్లీగ్రాముల కాల్షియం మాత్రమే తిన్నప్పుడు, ఇచ్చిన ఆక్సలేట్‌లో సగటున 17 శాతం ఒంట్లోకి వెళ్లింది. 1200 మిల్లీగ్రాములు తిన్నప్పుడు 3 శాతం కూడా వెళ్లలేదు.

మూత్రంలో కాల్షియంతో పోలిస్తే ఆక్సలేట్ ఎప్పుడూ చాలా తక్కువ. రోజుకు కాల్షియం వందల మిల్లీగ్రాముల్లో పోతే, ఆక్సలేట్ పోయేది ఇరవై నుంచి నలభై మిల్లీగ్రాములు. తక్కువగా ఉన్నదే పలుకు కట్టడానికి హద్దు గీస్తుంది. అందుకే ఆక్సలేట్ ఐదారు మిల్లీగ్రాములు పెరిగినా దాని ప్రభావం పెద్దదే.

ఇది తెలిశాక మన భోజనాన్ని చూస్తే చివర్లో తినే పెరుగన్నం విలువ అర్థమవుతుంది. పాలకూర, తోటకూర, బచ్చలి, చుక్కకూర, చేమదుంప, కంద, బీట్‌రూట్, బాదం పప్పు ఇవన్నీ ఆక్సలేట్ ఎక్కువున్నవే. కంద, చేమ సరిగా ఉడక్కపోతే గొంతు దురద పెట్టేది కూడా సూదుల్లాంటి ఆక్సలేట్ పలుకుల వల్లే. అదే పూటలో పెరుగన్నం తింటే కాల్షియం సరిగ్గా కావాల్సిన సమయానికి, కావాల్సిన చోటికి చేరుతుంది. మధ్యాహ్నం పాలకూర తిని, పెరుగు మానేసి, "ఒంటికి కాల్షియం కావాలి కదా" అని రాత్రి పడుకునే ముందు మాత్ర వేసుకుంటే పేగుల్లో ఆ రెండూ కలవవు. ఖాళీ కడుపున వేసుకున్న మాత్రలోని కాల్షియం నేరుగా రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి పోతుంది. కర్హాన్ బృందమే 1997లో 90 వేల మందికి పైగా నర్సుల మీద చేసిన అధ్యయనంలో, ఆహారంలో కాల్షియం ఎక్కువున్న ఆడవాళ్లకు రాళ్లు తక్కువగానూ, మాత్రలు వాడేవాళ్లకు కొంచెం ఎక్కువగానూ వచ్చాయి. ఎముకల కోసం డాక్టరు కాల్షియం మాత్ర రాస్తే మానక్కర్లేదు, భోజనంతో పాటు వేసుకోవచ్చా అని అడగాలి.

రోజుకు 1000 నుంచి 1200 మిల్లీగ్రాముల కాల్షియం లక్ష్యంగా పెట్టుకోవాలని నిపుణులు చెబుతారు. 200 మిల్లీలీటర్ల గ్లాసు పాలల్లో సుమారు 240 మిల్లీగ్రాములు ఉంటుంది. మంచి కప్పు నిండా గట్టి పెరుగులో కూడా దాదాపు అంతే. రెండు పూటలా పెరుగు, ఒక గ్లాసు పాలు అయితే ఏడు వందలు దాటుతుంది. మిగతాది పప్పులు, కూరలు, ధాన్యాల నుంచి వస్తుంది. నీళ్లలా పల్చటి మజ్జిగలో ఇంత ఉండదని మాత్రం గుర్తుంచుకోవాలి. టమాటాల విషయానికొస్తే, వాటిలో ఆక్సలేట్ చాలా తక్కువ. గింజలు అరగక పోయినా అవి మలంతో పోయేవే, కిడ్నీకి చేరే దారే లేదు. ఆకుకూరలన్నీ మానాల్సిన పనీ లేదు. పాలకూర రోజూ పచ్చిగా జ్యూస్ చేసుకుని తాగే అలవాటు మాత్రం రాళ్లు వచ్చినవాళ్లు మానాలి. ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, పెరుగుతో తింటే ప్రమాదం చాలా తగ్గుతుంది.

ఇక ఉప్పు. రాయిలో ఉప్పు ఉండదు కాబట్టి దాన్ని ఎవరూ అనుమానించరు. కిడ్నీ వడపోసిన కాల్షియంలో అత్యధిక భాగాన్ని తిరిగి రక్తంలోకి తీసుకుంటుంది. ఆ పనిలో కాల్షియం, సోడియం చాలావరకు ఒకే దారిలో వెనక్కి వస్తాయి. మనం ఉప్పు ఎక్కువ తింటే, ఆ సోడియంను బయటికి పంపాలి కాబట్టి కిడ్నీ దాన్ని తక్కువగా వెనక్కి తీసుకుంటుంది. దానితో పాటే కాల్షియం కూడా వెనక్కి రాక మూత్రంలో పోతుంది. సుమారు 6 గ్రాముల ఉప్పు, అంటే ఒక టీస్పూను, అదనంగా తింటే మూత్రంలో కాల్షియం 40 మిల్లీగ్రాముల దాకా పెరుగుతుంది. రాళ్లు కట్టే తత్వం ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువ పెరగవచ్చు. పాలు మానేసి ఉప్పు మానని మనిషి ఒంట్లో ఆ కాల్షియం ఎముకల నుంచి రావాల్సి ఉంటుంది. రాయికి భయపడి చేసిన పని చివరికి ఎముకలకు చేటవుతుంది.

ఇంట్లో ఎంత ఉప్పు తింటున్నారో తెలుసుకోవడానికి ఒక తేలిక లెక్క ఉంది. ఉప్పు ప్యాకెట్ తెరిచిన రోజు దాని మీద తేదీ రాసి పెట్టండి. మనిషికి రోజుకు 5 గ్రాముల చొప్పున నలుగురున్న ఇంటికి నెలకు 600 గ్రాములు చాలు. కిలో ప్యాకెట్ నెలలో అయిపోతే తలా 8 గ్రాములు దాటుతున్నట్టు. అందులో ఆవకాయ, మాగాయ, అప్పడాలు, వడియాలు, చల్ల మిరపకాయలు, బయట తిన్న టిఫిన్ల చట్నీలు, పిల్లలు తినే చిప్స్ ఇంకా కలవలేదు. సైంధవ లవణం అయినా సముద్రపు ఉప్పు అయినా ఈ విషయంలో తేడా లేదు, రెంటిలోనూ ఉన్నది సోడియమే. "చలవ చేస్తుంది" అని గ్లాసు మజ్జిగలో అర టీస్పూను ఉప్పు వేసుకుంటే ఆ ఒక్క గ్లాసుతోనే దాదాపు 3 గ్రాములు. మజ్జిగలో ఉప్పు బదులు కరివేపాకు, అల్లం, నిమ్మరసం వేసుకోవచ్చు. నిమ్మలోని సిట్రేట్ మూత్రంలో కాల్షియంను పట్టుకుని పలుకు కట్టనివ్వకుండా చూస్తుంది. మనం నిమ్మరసం కలిపినప్పుడల్లా ఉప్పో, నాలుగు చెంచాల చక్కెరో వేసి ఆ మేలు పోగొట్టుకుంటాం. ఎండలో గంటల తరబడి చెమటోడ్చే కూలీలకు, వడదెబ్బ తగిలినవాళ్లకు ఉప్పు అవసరం వేరు. వాళ్లు ఓఆర్ఎస్ మానకూడదు.

నీళ్ల గురించి అందరికీ తెలుసు, కానీ కొలిచేది తప్పు వస్తువును. "రోజుకు మూడు లీటర్లు తాగుతున్నాను" అంటారు. కిడ్నీకి లెక్క తాగిన నీళ్లతో కాదు, వచ్చిన మూత్రంతో. రోజుకు కనీసం రెండున్నర లీటర్ల మూత్రం రావాలి. డిసెంబరులో మూడు లీటర్లు తాగితే అది రావచ్చు. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఎండలో పనిచేసే మనిషికి అదే మూడు లీటర్లలో సగం పైగా చెమటగా పోతుంది. మిగిలిన లీటరుంపావు మూత్రం చిక్కగా, ముదురు పసుపుగా వస్తుంది. మొదటిసారి రాయి వచ్చిన 199 మంది మీద బోర్గి బృందమే 1996లో చేసిన మరో పరీక్షలో, నీళ్లు ఎక్కువ తాగమన్న గుంపులో ఐదేళ్లలో 12 శాతం మందికి రాయి తిరిగొచ్చింది. ఏ సలహా ఇవ్వని గుంపులో 27 శాతం మందికి వచ్చింది. బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉన్నాయని భయపడి తాగడమే తగ్గించుకునేవాళ్లున్నారు. నీళ్లు మార్చుకునే వీలుంటే మార్చుకోవచ్చు గానీ తాగడం తగ్గించడం మాత్రం రాయిని పిలవడమే.

ఈ మూడూ ఒక మనిషిలో ఎలా కలుస్తాయో చూడటానికి ఒక ఉదాహరణ అనుకుందాం. నలభై ఏళ్ల బస్సు డ్రైవరు. ఏడాది కిందట రాయి పడింది, అప్పటి నుంచి పాలు, పెరుగు ముట్టడం లేదు. దారిలో ఆపడానికి వీలుండదని నీళ్లు తక్కువ తాగుతాడు. పొద్దున హోటల్లో టిఫిను, మధ్యాహ్నం క్యారేజీలో తోటకూర పప్పు, ఆవకాయ. డాక్టరు ఆయనకు 24 గంటల మూత్ర పరీక్ష రాశారు. పొద్దున లేవగానే వచ్చిన మొదటి మూత్రాన్ని వదిలేసి, ఆ తర్వాత వచ్చిన ప్రతి చుక్కనూ, మర్నాడు పొద్దున మొదటి మూత్రంతో సహా, ల్యాబ్ ఇచ్చిన డబ్బాలో పట్టాలి. ఒక్కసారి మరిచిపోయినా లెక్క తప్పుతుంది కాబట్టి సెలవు రోజున చేయాలనిపిస్తుంది. కానీ సెలవు రోజు నీళ్లు బాగా తాగుతాడు, అసలు సంగతి బయటపడదు. అందుకే డ్యూటీ ఉన్న రోజు కూడా ఒకసారి పట్టి చూస్తే మంచిది.

ఆయన రిపోర్టు ఇలా వచ్చిందనుకుందాం: మూత్రం 1.1 లీటర్లు, కాల్షియం 290 మిల్లీగ్రాములు, ఆక్సలేట్ 44 మిల్లీగ్రాములు, సోడియం 210 మిల్లీమోల్స్. ఈ సోడియం అంకె అబద్ధం చెప్పనివ్వదు. 100 మిల్లీమోల్స్ అంటే సుమారు 6 గ్రాముల ఉప్పు. 210 అంటే ఆయన రోజుకు 12 గ్రాములకు పైగా ఉప్పు తింటున్నాడు. పాలు మానేసినా కాల్షియం 290 దగ్గర ఎందుకుందో అక్కడే తెలిసిపోతుంది. ఆక్సలేట్ 44 ఎందుకుందో తోటకూర పప్పు, లేని పెరుగు కలిపి చెబుతాయి.

ఇప్పుడు ఆయన క్యారేజీలో పెరుగన్నం తిరిగి చేరింది, ఆవకాయ ఆదివారానికి పరిమితమైంది, ఉప్పు సగమైంది. బస్సు ఆగిన ప్రతి డిపోలో అర లీటరు తాగుతాడు. రాత్రంతా మూత్రం చిక్కబడుతుంది కాబట్టి పడుకునే ముందు ఒక గ్లాసు కూడా. కొన్ని వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేస్తే మూత్రం 2.5 లీటర్లు, కాల్షియం 270, ఆక్సలేట్ 34, సోడియం 110 వచ్చిందనుకుందాం. కాల్షియం ఏదో కొంచెమే తగ్గింది. ఎందుకంటే ఉప్పు తగ్గడం వల్ల కొంత తగ్గితే, పెరుగు వల్ల కొంత పెరిగింది. ఈ అంకె ఒక్కటే చూసి చాలామంది నిరాశపడి మళ్లీ పెరుగు మానేస్తారు. లీటరుకు ఎంత ఉందో లెక్కేసి చూడండి. మొదట్లో లీటరు మూత్రంలో కాల్షియం 264, ఆక్సలేట్ 40 మిల్లీగ్రాములు ఉండేవి. ఇప్పుడు లీటరుకు కాల్షియం 108, ఆక్సలేట్ 14. పలుకు కట్టేది చిక్కదనాన్ని బట్టి కాబట్టి ఈ మార్పే అసలైనది.

పార్మా పరీక్షకు కొన్ని హద్దులున్నాయి. అందులో అందరూ మగవాళ్లే, అందరికీ మూత్రంలో కాల్షియం ఎక్కువే. ఉప్పు, మాంసం, కాల్షియం మూడింటినీ ఒకేసారి మార్చారు కాబట్టి మేలులో దేని వాటా ఎంతో విడదీసి చెప్పలేం. పైగా ఆ మంచి గుంపులో కూడా 12 మందికి రాయి తిరిగొచ్చింది. రక్తంలోనే కాల్షియం ఎక్కువున్నవాళ్లకు పారాథైరాయిడ్ గ్రంథి సమస్య ఉండవచ్చు, వాళ్లకు ఆహారం మార్చితే సరిపోదు. గుండె బలహీనపడి కాళ్ల వాపులున్నవాళ్లు, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు డాక్టరును అడగకుండా నీళ్లు పెంచకూడదు. పొటాషియం కలిపిన తక్కువ సోడియం ఉప్పు కూడా వాళ్లకు ప్రమాదమే. రాయి నొప్పితో పాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా ఇంట్లో నీళ్లు తాగుతూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

రాళ్లన్నీ కాల్షియం ఆక్సలేట్ కావు కూడా. యూరిక్ యాసిడ్ రాళ్లకు చికిత్స వేరు, ఇన్‌ఫెక్షన్ వల్ల వచ్చేవాటికి వేరు. నొప్పి వచ్చిన రోజుల్లో మూత్రాన్ని పల్చటి గుడ్డలోనో టీ వడపోసే జల్లెడలోనో వడకట్టండి. రాయి పడితే పారేయకుండా, కడిగి, ఆరబెట్టి, చిన్న డబ్బాలో వేసి డాక్టరుకు చూపించి, అది ఏ రాయో ల్యాబ్‌లో పరీక్షించమని అడగండి. పెరుగు గురించి, ఉప్పు గురించి పైన చెప్పిన లెక్క మీకు ఎంతవరకు వర్తిస్తుందో ఆ రిపోర్టును బట్టే తెలుస్తుంది.